మనకు మనమే పంపుకునే మెసేజ్: జిరాక్స్ సెంటర్‌లో తెరుచుకోని మెమో

జహీరాబాద్ నుంచి మళ్లీ వచ్చేసిన. బయట లారీల సౌండ్ వినిపిస్తే ఏమనుకోకండి, మా గల్లీకి హైవే దగ్గరే.

ఈ ఎపిసోడ్ మొదట వేరేలా అనుకున్నా. "వాట్సాప్‌లో మనకు మనమే మెసేజ్ చేసుకోవచ్చు, సూపర్ ఫీచర్" అని ఐదు నిమిషాల్లో చెప్పేసి పోదామనుకున్న. స్క్రిప్ట్ కూడా రాసుకున్న. అంతలో పోయిన నెల మా చిన్నాయన కొడుకు, అంటే మా తమ్ముడి ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ తర్వాత రాసుకున్న స్క్రిప్ట్ మొత్తం చింపేసిన. ఇప్పుడు చెప్పేది వాడి కథే. వాడి పర్మిషన్ తీసుకునే చెప్తున్న, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు.

తమ్ముడు డిప్లొమా అయిపోయి ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా సెలెక్ట్ అయ్యాడు. జాయినింగ్ రోజు పొద్దున పదింటికి నాలుగు కాగితాలు తెచ్చుకోమన్నారు. టెన్త్ మెమో, డిప్లొమా మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. జిరాక్స్‌లు చాలు, ఒరిజినల్స్ తర్వాత చూపిస్తే సరిపోతుందన్నారు. వీడు ఒరిజినల్స్ ఊర్లో బీరువాలో పెట్టి, చేతులు ఊపుకుంటూ బస్సెక్కి జహీరాబాద్ వచ్చాడు. ఎందుకంటే అన్నీ వాట్సాప్‌లో వాడి సొంత చాట్‌లో ఉన్నాయి కదా. తొమ్మిదింటికి బస్టాండ్ దగ్గర జిరాక్స్ సెంటర్‌కి పోయి చాట్ ఓపెన్ చేశాడు.

ఆధార్ ఓపెన్ అయింది. పాస్‌బుక్ ఫోటో ఓపెన్ అయింది గానీ, ప్రింట్ తీస్తే అకౌంట్ నంబర్‌లో ఎనిమిది ఉందో మూడు ఉందో తెలియట్లేదు. షాపాయన "సాఫ్ నై ఆరా భాయ్" అన్నాడు. టెన్త్ మెమో ఫోటో మబ్బు మబ్బుగా కనిపిస్తోంది, నొక్కితే ఫైల్ లేదని మెసేజ్ వస్తోంది. డిప్లొమా మెమో పీడీఎఫ్‌ది పేరు మాత్రం కనిపిస్తోంది, లోపల ఏం లేదు. నాలుగింటిలో పనికొచ్చింది ఒక్కటే. టైం తొమ్మిదింబావు.

అప్పుడు చేశాడు నాకు ఫోన్. "అన్నా, నేను నాకే పంపుకున్న కదా, ఎవ్వరూ డిలీట్ చెయ్యలే. ఎట్ల పోతది?"

మంచి ప్రశ్న. ఈ వీడియో మొత్తం ఆ ప్రశ్నకి జవాబే. ముందు ఈ సొంత చాట్ గురించి తెలియనోళ్ల కోసం రెండు నిమిషాలు.

వాట్సాప్‌లో కొత్త చాట్ బటన్ నొక్కితే వచ్చే కాంటాక్ట్ లిస్ట్‌లో మీ పేరు పక్కన `(You)` అని, కింద `Message yourself` అని ఉంటుంది. అదే. 2022 నవంబర్‌లో అధికారికంగా వచ్చింది. అంతకుముందు మనమంతా ఏం చేసేవాళ్లం? ఒక ఫ్రెండ్‌ని పెట్టి గ్రూప్ చేసి, వెంటనే ఆ ఫ్రెండ్‌ని తీసేసి, ఒక్కళ్లమే మిగిలిన గ్రూప్‌లో లింకులు పడేసేవాళ్లం. నా ఫ్రెండ్ ఒకడు "ఎందుకురా నన్ను ఊకె తీసేస్తవ్" అని నిజంగానే అలిగాడు. ఇప్పుడు ఆ గోల లేదు. టెలిగ్రామ్‌లో ఇదే పని `Saved Messages` చేస్తుంది, సిగ్నల్‌లో `Note to Self`.

చాట్ ఓపెన్ చేయగానే మొదటి పని, దాన్ని లిస్ట్‌లో పైకి పిన్ చేసుకోవడం. ఆండ్రాయిడ్‌లో చాట్ మీద వేలు నొక్కిపట్టి పైన పిన్ గుర్తు కొడితే చాలు. దీనికి సౌకర్యం కంటే పెద్ద కారణం ఉంది. వెతుక్కుంటూ పోతే తొందరలో పక్క చాట్‌లో పడేస్తాం. నేను ఒకసారి "అమ్మకి చెప్పొద్దు, బైక్ ఇన్‌స్టాల్‌మెంట్ 5వ తారీఖు" అని నాకు నేను రాసుకోబోయి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన. డిలీట్ చేసేలోపు బ్లూ టిక్‌లు వచ్చేసినయి. ఇంకా దాని గురించి ఇంట్లో మాట్లాడుతనే ఉన్నరు.

సరే, తమ్ముడి దగ్గరికి వద్దాం.

ఎందుకు పోయింది అంటే, మనలో చాలామంది అనుకునేది తప్పు. సొంత చాట్ అంటే ఎక్కడో మబ్బుల్లో ఉన్న లాకర్ అనుకుంటాం. గూగుల్ డ్రైవ్ లాగా అన్నమాట. వాట్సాప్ అలా పని చేయదు. మీరు పంపిన మెసేజ్, ఫైల్, ఇవన్నీ మీ ఫోన్‌లో ఉంటాయి. సర్వర్ పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఉత్తరం అందించేస్తే దాని పని అయిపోయింది, కాపీ జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరగదు. పంపిన కొత్తలో అయితే పోయిన ఫైల్ ఒక్కోసారి మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది, కానీ దాని మీద నమ్మకం పెట్టుకుని పాతవి వదిలేస్తే తమ్ముడి లాగా అవుతుంది.

ఇప్పుడు అసలు మ్యాటర్. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ఫోటోలు ఎక్కడుంటాయో మీరు ఎప్పుడైనా చూశారా? ఫైల్ మేనేజర్‌లో ఇక్కడ ఉంటాయి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Images
```

దాని లోపల `Sent` అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. వేరేవాళ్లు మనకి పంపినవి బయట, మనం పంపినవి `Sent` లోపల. డాక్యుమెంట్లకీ అంతే, `WhatsApp Documents` లోపల ఒక `Sent`. ఇప్పుడు ఆలోచించండి. సొంత చాట్‌లో పెట్టే ప్రతిదీ పంపేది మనమే కదా? అంటే మన నోట్‌బుక్ మొత్తం ఆ `Sent` ఫోల్డర్‌లోనే ఉంటుంది.

స్టోరేజ్ ఫుల్ అయినప్పుడు మనం మొట్టమొదట ఖాళీ చేసే ఫోల్డర్ ఏది? అదే `Sent`. "ఇవి నేను పంపినవే, గ్యాలరీలో ఒరిజినల్ ఉంది, ఇది డూప్లికేట్" అనుకుంటాం. కొన్ని క్లీనర్ యాప్‌లు కూడా "వాట్సాప్ చెత్త" అని చెప్పి దాన్నే చూపిస్తాయి. తమ్ముడిది 64 జీబీ ఫోన్. వాడు ముందు ఏం చేశాడంటే, మెమో ఫోటో సొంత చాట్‌లో పెట్టుకున్నాక "వాట్సాప్‌లో ఉంది కదా" అని గ్యాలరీలో ఒరిజినల్ డిలీట్ చేశాడు. తర్వాత కొన్ని నెలలకి స్టోరేజ్ ఫుల్ అయింది, "గ్యాలరీలో ఉంది కదా" అని `Sent` డిలీట్ చేశాడు. ఒకదాన్ని చూసుకుని ఇంకోదాన్ని, దాన్ని చూసుకుని దీన్ని. రెండూ పోయాయి. చాట్‌లో మాత్రం చిన్న బొమ్మ, ఫైల్ పేరు అలాగే మిగిలిపోతాయి. అందుకే చాట్ పైకీ కిందికీ స్క్రోల్ చేస్తే అన్నీ ఉన్నట్టే కనిపించింది.

ఇది ముందే ఎలా తెలుసుకోవాలి? చాలా సింపుల్. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆఫ్. ఇప్పుడు సొంత చాట్‌లో ముఖ్యమైన ఫైల్ ఓపెన్ చేసి జూమ్ చేయండి. క్లియర్‌గా తెరుచుకుంటే ఫైల్ నిజంగా మీ ఫోన్‌లో ఉన్నట్టు. మబ్బుగా ఉంటే, లేదా డౌన్‌లోడ్ బాణం గుర్తు కనిపిస్తే, అక్కడ ఉన్నది పేరు మాత్రమే. ఈ వీడియో పాజ్ చేసి ఇప్పుడే చూసుకోండి, నేను ఎక్కడికీ పోను.

ఇక పాస్‌బుక్ ఫోటో. అది పోలేదు, కానీ పనికి రాలేదు. ఎందుకంటే వాట్సాప్‌లో ఫోటోని ఫోటో లాగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది. స్క్రీన్ మీద చూడటానికి బాగానే ఉంటుంది, ఏ ఫోర్ పేపర్ మీద ప్రింట్ కొడితే చిన్న అంకెలు అలుక్కుపోతాయి. కాబట్టి కాగితం ఏదైనా సరే, ఫోటో లాగా పంపొద్దు. అటాచ్ గుర్తు నొక్కి, `Gallery` కాకుండా `Document` ఎంచుకోండి. అక్కడి నుంచే గ్యాలరీలో ఫోటో తీసుకోవచ్చు. అలా పంపితే ఒరిజినల్ ఎంత ఉందో అంతే పోతుంది. పైగా డాక్యుమెంట్ అయితే 2 జీబీ దాకా పంపొచ్చు కాబట్టి సైజు గురించి భయం లేదు. హెచ్‌డీ అని ఇంకో బటన్ ఉంటుంది, అది మామూలు దానికంటే మెరుగే గానీ, మెమోలకీ పాస్‌బుక్‌లకీ నేను డాక్యుమెంటే వాడతా.

సరే, తొమ్మిదింబావుకి ఏం చేసినం?

మార్చిలో వాడు ఆ ఫ్యాక్టరీకి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపింది మా ఇంట్లో, నా లాప్‌టాప్‌లోనే. అప్పుడు వాడి వాట్సాప్‌ని దానికి లింక్ చేసినం. వాట్సాప్‌లో `Linked devices` ఉంటుంది కదా, అందులో క్యూఆర్ స్కాన్ చేసి. ఫోన్ కాకుండా ఇంకో నాలుగు డివైస్‌లకి లింక్ చేసుకోవచ్చు. లింక్ అయిన ప్రతి డివైస్ తన కాపీ తను విడిగా దాచుకుంటుంది. అంటే ఫోన్‌లో `Sent` ఫోల్డర్ ఖాళీ చేసినంత మాత్రాన లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ అయిన ఫైల్ పోదు.

నేను లాప్‌టాప్ తెరిచిన. వాడి చాట్ ఇంకా ఓపెన్‌గానే ఉంది. డిప్లొమా మెమో పీడీఎఫ్ నొక్కితే టక్కున తెరుచుకుంది, ఎందుకంటే ఆ రోజు అప్లికేషన్ కోసం అందులోనే ఓపెన్ చేసినం. వెంటనే వాడికి తిరిగి పంపిన. టెన్త్ మెమో మాత్రం దొరకలేదు. అది ఏడాదిన్నర కింద పెట్టుకున్నది. లాప్‌టాప్ లింక్ చేసింది మొన్న మార్చిలో. లింక్ చేసినప్పుడు పాత మెసేజ్‌లు కొన్ని వస్తాయి గానీ, అంత పాత ఫైల్ లాప్‌టాప్‌లో లేదు, ఫోన్‌లోనూ లేదు.

చిన్నమ్మకి ఫోన్ చేసి, బీరువా తీయించి, టెన్త్ మెమో, పాస్‌బుక్ ఫోటోలు మళ్లీ తీయించినం. "వెలుతురు పడేట్టు వాకిట్లో చాప మీద పెట్టి తియ్యి చిన్నమ్మా, నీడ పడకుండా" అని నేను, "డాక్యుమెంట్ అని నొక్కు అమ్మా, డాక్యుమెంట్!" అని జిరాక్స్ సెంటర్ నుంచి వాడు. మొదటిసారి చెప్పు ఫోటో వచ్చింది. మూడోసారికి మెమో వచ్చింది. పదిన్నరకి వాడు గేట్ దగ్గర ఉన్నాడు. అరగంట లేటు. సెక్యూరిటీ ఆయన ఏదో అన్నాడంట, లోపలికైతే పంపించారు.

ఇంకోటి, దీనికి సంబంధం ఉన్న నియమం. ఫోన్‌లో వాట్సాప్ 14 రోజులకంటే ఎక్కువ వాడకపోతే లింక్ చేసిన డివైస్‌లు వాటంతట అవే లాగౌట్ అయిపోతాయి. ఫోన్ పోయినా, రిపేర్‌కిచ్చినా లాప్‌టాప్‌లో కాపీ ఉంది కదా అని ఊరుకోకండి. మొదటి రోజే కావాల్సినవన్నీ లాప్‌టాప్ ఫోల్డర్‌లోకి సేవ్ చేసుకోండి.

ఈ లింక్ చేయడం దగ్గరే ఇంకో కథ ఉంది. నిజం చెప్పాలంటే నాకు ఫైల్ పోవడం కంటే ఇదే ఎక్కువ భయం వేసింది.

ఆ రోజు సాయంత్రం తమ్ముడు మా ఇంటికి వస్తే వాడి ఫోన్ తీసుకుని `Linked devices` ఓపెన్ చేసిన. మూడు ఉన్నాయి. ఒకటి నా లాప్‌టాప్. మిగతా రెండూ `Google Chrome (Windows)`. "ఇవేందిరా?" అన్న. ఒకటి వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో అంట. ఇంకోటి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చివరికి తేలింది, ఎప్పుడో ఒక నెట్ సెంటర్‌లో ప్రింట్ కోసం లాగిన్ అయ్యి, పని అయ్యాక బ్రౌజర్ మూసేసి వచ్చేశాడు. బ్రౌజర్ మూసేస్తే లాగౌట్ అవ్వదు. దాని కింద లాస్ట్ యాక్టివ్ అని చూపిస్తది. ఆ నెట్ సెంటర్ దాంట్లో రెండు రోజుల కిందటి తేదీ ఉంది. అంటే రెండు రోజుల కింద ఎవరో ఆ కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచారు.

ఆ చాట్‌లో ఏముందో వాడు చెప్పలేదు, నేను చూడలేదు. కానీ వాడి మొహం చూస్తే అర్థమైంది. తర్వాత మెల్లగా చెప్పాడు, ఏటీఎం పిన్ కూడా రాసి పెట్టుకున్నాడంట, వాళ్ల నాయినది. ఆధార్ ఫోటో, పాస్‌బుక్ ఫోటో, పిన్, మూడూ ఒకే చాట్‌లో. డబ్బులేం పోలేదు. ఆ రాత్రే పిన్ మార్పించినం.

కాబట్టి మీరు కూడా ఒకసారి `Linked devices` చూడండి. గుర్తుపట్టని పేరు ఉంటే దాని మీద నొక్కి `Log out` కొట్టండి. తర్వాత, నోట్‌బుక్‌గా వాడే చాట్‌లో పిన్‌లు, పాస్‌వర్డ్‌లు రాయకండి. చాట్‌కి లాక్ పెట్టుకోవచ్చు, 2023 నుంచి ఆ సౌకర్యం ఉంది, నేను కూడా పెట్టుకున్న. అయినా పిన్ మాత్రం రాయను.

మరి జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ ఎలా తీయాలి? ఇక్కడ మా దగ్గర పద్ధతి ఏంటంటే, షాపు గోడ మీద ఒక వాట్సాప్ నంబర్ అతికించి ఉంటుంది, దానికి పంపితే ప్రింట్ కొట్టిస్తారు. లాగిన్ అయ్యేకంటే ఇది నయం, ఎందుకంటే మీ మొత్తం చాట్‌లు కాకుండా ఆ ఒక్క ఫైలే వాళ్ల దగ్గరికి పోతుంది. పని కాగానే `Delete for everyone` కొట్టండి. దానికి రెండు రోజుల పైన టైం ఉంటుంది. కానీ షాపు కంప్యూటర్‌లో ఆ ఫైల్ ముందే డౌన్‌లోడ్ అయి ఉంటే, మీరు చాట్‌లో డిలీట్ చేసినా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. నేనైతే "భాయ్, వో డిలీట్ కర్దో" అని అక్కడే నిలబడి చేయిస్తా. వాళ్లేం అనుకోరు. ఆధార్ అయితే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని పంపండి, అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే కనిపిస్తాయి. అయితే అడిగేవాళ్లు దాన్ని ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి డిజిలాకర్‌లో పెట్టుకుంటే, అసలు చాట్‌లో దాచుకోవాల్సిన అవసరమే ఉండదు.

ఇప్పుడు వెతుక్కోవడం గురించి. ఎందుకంటే సొంత చాట్ మొదలుపెట్టిన నెల రోజులకి అది చెత్తకుప్ప అయిపోతుంది. నాది అయింది.

ప్రాబ్లం ఏంటంటే, వాట్సాప్ సెర్చ్ అక్షరాలనే వెతుకుతుంది. ఫోటోలో రాసి ఉన్నది దానికి తెలియదు. ఫోటో పేరు చూస్తే `IMG-20240611-WA0007` అని ఉంటుంది. దాన్ని ఏమని వెతుకుతాం? అందుకే ఫైల్ పంపేటప్పుడు కింద క్యాప్షన్‌లో ఒక్క ముక్క రాయాలి. ఇక్కడ మన తెలుగోళ్లకి ఒక స్పెషల్ ప్రాబ్లం ఉంది. మనం తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తాం, ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగ్. నేను కరెంట్ బిల్లుని ఒకసారి `current bill` అని, ఒకసారి `karent billu` అని, ఒకసారి తెలుగులో "కరెంటు బిల్లు" అని రాసుకున్న. మూడు నెలల తర్వాత `current` అని వెతికితే ఒకటే దొరుకుతుంది, మిగతా రెండూ లేనట్టే.

నేను కనిపెట్టిన, కనిపెట్టిన అంటే పెద్ద మాట, నేను వాడే పద్ధతి ఇది. మొదట రెండు అక్షరాల కోడ్, తర్వాత ఎవరిది, తర్వాత ఏంటి. ఇలా:

```
dc nanna passbook
dc naadi pan
lk chuda pump motor repair
```

`dc` అంటే డాక్యుమెంట్, `lk` అంటే లింక్. అంతే, రెండే. మొదట్లో ఏడు కోడ్‌లు పెట్టుకున్న, మూడో రోజుకే మర్చిపోయిన. ఇప్పుడు చాట్ లోపల సెర్చ్‌లో `dc nanna` అని కొడితే నాన్న కాగితాలన్నీ వరుసగా వస్తాయి.

లింక్‌లకి ఇంకో మాట. లింక్ ఒక్కటే పడేయకండి. అది ఎందుకు దాచుకున్నారో పక్కన నాలుగు ముక్కలు రాయండి. నా పాత చాట్‌లో ఎన్ని యూట్యూబ్ లింకులున్నాయో, ఎందుకు పెట్టుకున్ననో ఒక్కటి కూడా గుర్తు లేదు. చాట్ పైన పేరు మీద నొక్కితే మీడియా, లింకులు, డాక్యుమెంట్లు విడివిడిగా కనిపిస్తాయి. ఒకసారి మీ లింకుల లిస్ట్ చూడండి, మీకే నవ్వొస్తుంది. లాప్‌టాప్‌లో అయితే `web.whatsapp.com` తెరిచి ఫైల్‌ని లాగి చాట్‌లో వదిలేస్తే చాలు, క్షణంలో ఫోన్‌లో ఉంటుంది. కేబుల్ ఎక్కడుందో వెతికే పని లేదు. నేను ఈ వీడియో థంబ్‌నెయిల్ కూడా అలాగే ఫోన్‌కి పంపుకున్న.

ఇక రిమైండర్లు. ఇక్కడ వాట్సాప్ సొంత చాట్ ఫెయిల్. చాలామంది అందులో "రేపు ఫీజు కట్టాలి" అని రాసుకుంటారు. రాసుకుంటారు, అంతే. మనం మనకి పంపిన మెసేజ్‌కి ఫోన్ మోగదు, ఎందుకంటే పంపింది మనమే కదా. రేపు ఆ చాట్ తెరిస్తేనే కనిపిస్తుంది. తెరవాలని గుర్తుంటే ఫీజు కూడా గుర్తుంటుంది.

దీనికి నేను టెలిగ్రామ్ వాడతా. `Saved Messages` తెరిచి, మెసేజ్ టైప్ చేసి, పంపే బాణం గుర్తుని ఒక్కసారి నొక్కకుండా నొక్కిపట్టుకోండి. `Set a reminder` అని వస్తుంది. తేదీ, టైం పెట్టండి. ఆ టైంకి నోటిఫికేషన్‌తో మోగుతుంది. 2019 నుంచే ఉంది ఇది, మన దగ్గర చాలామందికి తెలియదు. టెలిగ్రామ్‌కి ఫైళ్లు నిజంగానే సర్వర్‌లో ఉంటాయి, కాబట్టి ఏ డివైస్‌లో లాగిన్ అయినా అన్నీ కనిపిస్తాయి, ఫోన్ స్టోరేజ్ ఖాళీ చేసినా పోవు.

"అయితే అన్నీ టెలిగ్రామ్‌లోనే పెట్టేయొచ్చు కదా అన్నా" అంటారు, కామెంట్లలో ఖాయంగా వస్తుంది ఇది. లింకులు, పాఠాల పీడీఎఫ్‌లు, రిమైండర్లు అయితే పెట్టేయండి. కానీ `Saved Messages` వాట్సాప్ చాట్ లాగా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ కాదు. అంటే తాళం చెవి మీ ఒక్కరి దగ్గరే ఉండదు. పైగా మీ అకౌంట్‌లోకి ఇంకెవరైనా లాగిన్ అయితే మొదటి రోజు నుంచి ఉన్నదంతా వాళ్లకి కనిపిస్తుంది. అందుకే ఆధార్, పాస్‌బుక్ లాంటివి నేను అందులో పెట్టను. ఇంకోటి, చాలా రోజులు అకౌంట్ వాడకపోతే దానంతట అదే డిలీట్ అయ్యే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, ప్రైవసీ సెట్టింగ్స్‌లో కింద. ఎన్ని నెలలు అని ఉందో చూసి పెట్టుకోండి.

వాట్సాప్‌లో బ్యాకప్ సంగతి కూడా చెప్పేసి ముగిస్తా. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ మీ గూగుల్ అకౌంట్‌లోకి పోతుంది, ఇప్పుడు అది మీ 15 జీబీలోనే లెక్క. అది నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో `Chats`, అందులో `Chat backup` తెరిస్తే చివరి బ్యాకప్ ఎప్పుడో తేదీ ఉంటుంది. తమ్ముడిది చూస్తే ఏడు నెలల కిందటిది. అక్కడే `End-to-end encrypted backup` అని ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసుకుంటే మీ పాస్‌వర్డ్ లేకుండా ఆ బ్యాకప్‌ని ఎవ్వరూ తెరవలేరు. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మీరు కూడా తెరవలేరు, కాబట్టి దాన్ని ఇంట్లో డైరీలో కాగితం మీద రాసిపెట్టుకోండి. దయచేసి సొంత చాట్‌లో రాసుకోకండి, తమ్ముడు అదే అడిగాడు.

వాడిప్పుడు ఫస్ట్ షిఫ్ట్‌లో ఉన్నాడు. నాలుగు కాగితాలూ డాక్యుమెంట్ లాగా పంపుకుని, లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్, ఒక పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకున్నాడు. చిన్నమ్మ మాత్రం నాకు రోజూ ఏదో ఒకటి ఫోటో తీసి డాక్యుమెంట్ లాగా పంపుతోంది. నిన్న జామకాయల గంప పంపింది, ఫైల్ సైజు తొమ్మిది ఎంబీ.

మీ `Linked devices`లో ఎన్ని కనిపించాయో కింద కామెంట్‌లో నంబర్ మాత్రం రాయండి, పేర్లు వద్దు. ఉంటా మరి.